‘ఎవరండీ’ నుంచి ‘ఉంటా మరి’ దాకా

కొన్నేళ్ళ కిందట ఓ సాయంత్రం స్నేహితుడి నంబరు నుంచి ఫోన్ వచ్చింది. ఎత్తుతూనే “చెప్పరా” అన్నాను. అవతల ఒక క్షణం నిశ్శబ్దం. తర్వాత నెమ్మదిగా, “బాబూ, నేను వాళ్ళ నాన్నని” అని వినిపించింది. ఆ తర్వాత ఆయనకు ఎన్నిసార్లు “అండి” తగిలించి మాట్లాడానో లెక్కలేదు.

నేను అన్నది ఒక్క మాటే. కానీ ఆ ఒక్క మాటలో నాలుగు పనులు చేసేశాను. ఫోన్ ఎత్తానని తెలియజేశాను, అవతల ఎవరున్నారో పోల్చుకున్నానని చెప్పాను, పలకరింపు అయిపోయిందనిపించాను, విషయం మొదలుపెట్టమన్నాను. రెండో పని తప్పడంతో మిగతావన్నీ తప్పాయి. ఫోన్ మొదట్లో, చివర్లో మనం వాడే పొట్టి మాటలన్నీ ఇలాంటివే. వాటికి అర్థం తక్కువ, పని ఎక్కువ. ఆ పనులేమిటో చూడటానికి ఒక చిన్న కాల్ తీసుకుందాం. ఇది నేను కల్పించినదే. మేనల్లుడు కొత్త నంబరు నుంచి అత్తయ్యకు చేశాడు.

— హలో?
— హలో అత్తయ్యా!
— (అర సెకను ఆగి) ఎవరండీ?
— నేనే అత్తయ్యా.
— ఓ, నువ్వట్రా! ఇదేం నంబరు?
— కొత్తది తీసుకున్నా. బాగున్నారా?
— బాగున్నాంరా. చెప్పు.
— రేపు మీ ఇంటికి వస్తున్నా అత్తయ్యా. పద... ఇంటికల్లా అక్కడుంటా.
— ఆఁ? నీ మాట కట్ అవుతోందిరా.
— రేపు... నేను...
— హలో? హలో?

మొదటి ‘హలో’ నుంచే మొదలుపెడదాం. ఫోన్ ఎత్తినవాళ్ళే ముందు మాట్లాడాలని మనకు ఎవరూ నేర్పలేదు, అయినా అందరం అలాగే చేస్తాం. నిజానికి మాట్లాడాల్సిన పని ఉన్నది చేసినవాళ్ళకు. మరి ఎత్తినవాళ్ళు ఎందుకు ముందు మాట్లాడాలి? ఈ ప్రశ్నను ఇమాన్యుయేల్ షెగ్లాఫ్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త పట్టుకున్నాడు. ఆయన 1968లో అచ్చువేసిన వ్యాసానికి ఆధారం, రికార్డు చేసిన సుమారు 500 కాల్స్. అన్నిట్లోనూ ఎత్తినవాళ్ళే ముందు మాట్లాడారు, ఒక్కదాంట్లో తప్ప. ఆ ఒక్కదాంట్లో పోలీసులు ఎవరికో ఫోన్ చేశారు. అవతల ఫోన్ ఎత్తిన చప్పుడైంది కానీ సెకను పాటు మాట లేదు. అప్పుడు ఫోన్ చేసిన పోలీసే “హలో” అన్నాడు.

ఐదు వందల్లో ఒక్కటే కదా అని వదిలేయొచ్చు. షెగ్లాఫ్ వదలలేదు. ఆ ఒక్క కాల్‌కి కూడా సరిపోయేలా తన సూత్రాన్నే మార్చుకున్నాడు. ఆయన చెప్పినదాని సారం ఇది: సంభాషణలో మొదటి మాట ‘హలో’ కాదు, రింగ్. రింగ్ అంటే ఒక పిలుపు. ‘హలో’ ఆ పిలుపుకు జవాబు. గుమ్మం బయట ఎవరో పేరుపెట్టి పిలిస్తే లోపలినుంచి “ఆఁ” అనడం లాంటిదన్నమాట. ఈ లెక్కన చేసినవాళ్ళ వంతు రింగ్‌తోనే అయిపోయింది, ఇప్పుడు ఎత్తినవాళ్ళ వంతు. పిలిచినా జవాబు రాకపోతే ఏం చేస్తాం? ఇంకోసారి పిలుస్తాం. ఆ పోలీసు చేసింది అదే. అతని ‘హలో’ పలకరింపు కాదు, నోటితో కొట్టిన రెండో రింగ్.

‘హలో’ పుట్టుకలోనూ ఈ పిలుపే ఉంది. టెలిఫోన్ కొత్తగా వచ్చినప్పుడు గ్రాహంబెల్ ‘అహాయ్’ అనే మాట బాగుంటుందన్నాడు. అది నావికులు ఒక ఓడ నుంచి ఇంకో ఓడను కేకేసే మాట. ఎడిసన్ మాత్రం 1877 ఆగస్టులో రాసిన ఒక ఉత్తరంలో, అసలు గంటే అక్కర్లేదు, ‘హలో’ అని అరిస్తే పది ఇరవై అడుగుల దూరానికి వినిపిస్తుంది అన్నాడు. అంటే ఆయన దృష్టిలో హలో జవాబు కాదు, గంటకు బదులు వాడుకునే కేక. తర్వాత గంటలు వచ్చాయి, హలో జవాబుగా మారింది. అయినా పాత ఉద్యోగం పూర్తిగా మానలేదు. పైన కాల్ చివర్లో అత్తయ్య “హలో? హలో?” అన్నది చూడండి. మధ్యలో గొంతు ఆగిపోగానే మనందరం చేసే పని అదే. పదినిమిషాలుగా మాట్లాడుతున్న మనిషిని కొత్తగా పలకరించడం కాదది. ఉన్నావా అని గంట కొట్టడం.

ఇక ‘ఎవరండీ’. మేనల్లుడు “హలో అత్తయ్యా” అన్నాడు గానీ పేరు చెప్పలేదు. మరిచిపోయి కాదు. దగ్గరివాళ్ళకు ఫోన్ చేసి పేరు చెప్పుకోవడం ఎబ్బెట్టుగా ఉంటుంది. గొంతు వినిపిస్తే చాలు, పోల్చుకుంటారు అన్న ధీమా అది. అటువైపు కూడా, పోల్చుకోవడం దగ్గరితనానికి గుర్తు. అందుకే అత్తయ్య వెంటనే ఎవరని అడగలేదు, అర సెకను ఆగింది. ఆ అర సెకనులో ఆమె చేస్తున్న పని వెతుకులాట. “అత్తయ్యా” అనే పిలుపుతో వెతకాల్సిన జాబితా చిన్నదైంది కానీ, ఆ పిలుపు పిలిచేవాళ్ళు ఒక్కరే కాకపోవచ్చు. దొరకలేదు కాబట్టి అడిగింది.

దానికి అతని జవాబు “నేనే”. కాగితం మీద చూస్తే ఇంతకన్నా పనికిరాని జవాబు ఉండదు. ఫోన్ చేసే ప్రతివాడూ ‘నేనే’. కానీ ఫోన్‌లో ఆ మాట మోసుకొచ్చేది అర్థాన్ని కాదు, గొంతుని. ఇంకో రెండు అక్షరాల నమూనా ఇస్తున్నాను, మళ్ళీ ప్రయత్నించు అని దాని భావం. చివరున్న ఏకారంలో చిన్న దెప్పిపొడుపు కూడా ఉంది: నన్ను పోల్చుకోలేవా అని. అప్పటికీ తెలియకపోతే అడిగినవాళ్ళకే ఇబ్బంది. చాలామంది ఈ దశలో తెలియకపోయినా తెలిసినట్టు “ఆఁ ఆఁ చెప్పు” అనేసి, మాటల్లో దొరికే ఆధారాలతో కూడుకుంటూ పోతారు. నేనూ చేశాను. రెండు నిమిషాల తర్వాత అడగడం మొదట్లో అడగడం కన్నా చాలా కష్టమని అప్పుడే తెలిసింది. అందుకే మొదటి రెండు వాక్యాల్లోనే “గొంతు సరిగా తెలియట్లేదు, ఎవరు?” అని అనేయడం నయం. ఇక్కడ నెపం లైను మీదికి పోతుంది, జ్ఞాపకం మీదికి రాదు.

తెలుగులో దీనికి ఇంకో మెలిక ఉంది. ఎవరో తెలియకముందే మర్యాద ఎంతో తేల్చుకోవాలి. ‘నువ్వా’, ‘మీరా’ అన్నది తెలియకుండా తెలుగు వాక్యం చాలాసార్లు పూర్తి కాదు. అందుకని తెలియని గొంతుకు ముందు జాగ్రత్తగా ‘అండి’ తగిలిస్తాం. తెలిశాక తీసేస్తాం. పై కాల్‌లో “ఎవరండీ” రెండు మాటల తర్వాత “నువ్వట్రా” అయింది. నిన్ను గుర్తుపట్టాను అని అత్తయ్య విడిగా చెప్పలేదు. ‘అండి’ పోయి ‘రా’ రావడమే ఆ ప్రకటన. స్నేహితుడి నాన్నగారి దగ్గర నా తప్పు కూడా ఈ క్రమంలోదే. స్క్రీన్ మీద పేరు చూసి మధ్య మెట్లు దాటేశాను. ఫిన్లాండ్‌లో మొబైల్ కాల్స్‌ని పరిశీలించిన పరిశోధకులు కూడా ఈ మార్పునే గమనించారు. ల్యాండ్‌లైన్ రోజుల్లో ఫోన్ ఎత్తినవాళ్ళు ఎవరికైనా సరిపోయే జవాబు ఇచ్చేవారు. మొబైల్ వచ్చాక, స్క్రీన్ మీద కనిపించిన మనిషికి తగినట్టు పలుకుతున్నారు. కానీ స్క్రీన్ చెప్పేది నంబరు ఎవరిదో, గొంతు ఎవరిదో కాదు.

అపరిచితుల విషయంలో ‘ఎవరు’ అనే ప్రశ్నకు దిశ ముఖ్యం. ఎత్తినవాళ్ళు అడిగితే అది సహజం. ఫోన్ చేసిన మనిషే “హలో, ఎవరు మాట్లాడేది?” అని అడిగితే అది తిరగబడిన ప్రశ్న. నంబరు నొక్కింది తను, ఎవరు కావాలో తెలియాల్సింది తనకు. అక్కడ పేరు చెప్పాల్సిన అవసరం మనకు లేదు. “మీకు ఎవరు కావాలండీ?” అంటే చాలు, వంతు మళ్ళీ వాళ్ళ దగ్గరికి వెళుతుంది. పొరపాటున చేసినవాళ్ళు ఒక పేరు చెబుతారు, రాంగ్ నంబర్ అని తేలిపోతుంది. పేరు చెప్పకుండా అదే ప్రశ్న మళ్ళీ మళ్ళీ అడిగేవాళ్ళతో ఆ కాల్ ముగించేయొచ్చు.

ఇప్పుడు కట్ అయిన చోటికి వద్దాం. “నీ మాట కట్ అవుతోంది” అన్నప్పుడు ఫోన్‌లో ఏం జరుగుతోంది?

మొబైల్ మన గొంతుని ఏకధారగా పంపదు. సాధారణంగా 20 మిల్లీసెకన్ల ముక్కలుగా కోసి పంపుతుంది, అంటే సెకనుకు 50 ముక్కలు. దారిలో ఒకటో రెండో పోతే అవతలి ఫోన్ ఆ ఖాళీని కప్పిపుచ్చుతుంది. అంతకుముందు వచ్చిన ముక్కను బట్టి ఊహించి, దాదాపు అదే ధ్వనిని సాగదీసి నింపుతుంది. చాలాసార్లు మనకు తేడా కూడా తెలియదు. వరసగా కొన్ని పోతే ఆ సాగదీసిన ధ్వని రేకుడబ్బాలోంచి వచ్చినట్టు, మరమనిషి మాట్లాడినట్టు వినిపిస్తుంది. ఇంకా పోతుంటే ఊహించడం మానేసి శబ్దాన్ని తగ్గిస్తూ పోయి ఆపేస్తుంది. కాబట్టి గొంతు మరమనిషిలా మారిందంటే లైను ఇంకా పోరాడుతోందని, మాటలు ముక్కలుగా మాయమవుతున్నాయంటే ఓడిపోతోందని అనుకోవచ్చు.

ఈ ముక్కల లెక్క తెలుగు మాటలకు ఎలా తగులుతుందో చూడండి. మామూలుగా మాట్లాడేటప్పుడు ఒక అక్షరం పలకడానికి సెకనులో ఐదోవంతో ఆరోవంతో పడుతుంది. ‘పదకొండింటికి’ అనే మాటలో మధ్యనున్న ‘కొం’ చుట్టుపక్కల ఓ పది ముక్కలు పోతే మిగిలేది ‘పద... ఇంటికి’. వినేవాళ్ళ మెదడు ఖాళీని ఖాళీగా ఉంచదు. తెలిసిన మాటతో అతికేస్తుంది. ‘పదింటికి’ అని వినిపిస్తుంది. తప్పు విన్నామని కూడా అనిపించదు, ఎందుకంటే విన్నది సరైన తెలుగు మాటే. ‘పంపాను’, ‘పంపను’ అనే జంట ఇంకా ప్రమాదం. పని అయిపోయిందా, అసలు చేయనంటున్నాడా అన్నది ఒక్క దీర్ఘంలో ఉంది. ఆ దీర్ఘం ఉండేది కొద్ది ముక్కల్లోనే. ‘చెప్పాను’, ‘చెప్పను’ కూడా అంతే. లైను బాగాలేనప్పుడు ఇలాంటి మాటను పొట్టిగా వదిలేయకుండా “నిన్ననే పంపేశాను, అయిపోయింది” అని రెండు రకాలుగా చెప్పడం మంచిది. ఒకటి పోయినా ఇంకొకటి చేరుతుంది.

తప్పు ఎవరి వైపు ఉందన్నది ఇంకో చిక్కు. “నీ వాయిస్ బ్రేక్ అవుతోంది” అంటాం. వాక్యం చూస్తే లోపం ‘నీ’దే. నిజంగా అంతేనా? ముక్కలు అతని ఫోన్ నుంచి టవర్‌కి వెళ్ళేటప్పుడు పోవచ్చు, నా టవర్ నుంచి నా ఫోన్‌కి వచ్చేటప్పుడూ పోవచ్చు. వినే నాకు రెండూ ఒకేలా వినిపిస్తాయి. అయితే మొదటిది జరిగే అవకాశం ఎక్కువ. చేతిలో ఇమిడే ఫోన్ పంపే శక్తి వాట్‌లో ఐదోవంతుకు అటూఇటూ. టవర్ మీది పరికరాల శక్తి పదుల వాట్లు. సిగ్నల్ అంచున ఉన్నప్పుడు టవర్ గొంతు మనకు చేరుతుంది గానీ మన గొంతు టవర్‌కి చేరదు. అందుకే “నువ్వు నాకు బ్రహ్మాండంగా వినిపిస్తున్నావు, నీకేమైంది?” అనే మాట ఫోన్లలో అంత తరచుగా వింటాం. స్క్రీన్ మీది గీతలు చూపేది మనకు వస్తున్న సిగ్నల్‌ని. మన గొంతు అటు ఎలా వెళుతోందో అవి చెప్పవు. నిండా గీతలున్నాయని చూపించి వాదించడం వల్ల లాభం లేదు.

తేల్చుకోవడానికి ఒక్క ప్రశ్న చాలు: “నా మాట నీకు సరిగ్గా వినిపిస్తోందా?” అతనికి బాగా వినిపిస్తూ నాకు అతని మాట తెగుతుంటే, ముందు అతను కదలాలి. కిటికీ దగ్గరికో, లిఫ్ట్‌లోంచి బయటికో. అలా కదిలినా మారకపోతే నేను కదలాలి. మర్యాదకు మాత్రం “నీ మాట వినిపించట్లేదు” కన్నా “నాకు సరిగా వినిపించట్లేదు” మెరుగు. రెండో వాక్యంలో ‘నాకు’ ఉంది, నింద లేదు. పెద్దవాళ్ళతో, కొత్తవాళ్ళతో ఈ తేడా తెలుస్తుంది.

అడగడంలోనూ రెండు రకాలున్నాయి. “ఆఁ?” అంటే మొత్తం మళ్ళీ చెప్పమని. అవతలివాళ్ళు మళ్ళీ మొదటినుంచి మొదలుపెడతారు, లైను మళ్ళీ ఎక్కడో తెగుతుంది. “పది తర్వాత ఏమన్నావు?” అంటే కావాల్సిన ముక్క ఒక్కటే తిరిగి వస్తుంది. మన అత్తయ్య “ఆఁ?” అంది. అది సహజమే, కానీ అందువల్లే ‘పదకొండు’ ఆ కాల్‌లో తిరిగి రాలేదు.

ఈ ‘వినిపించట్లేదు’ ఎప్పుడూ నిజమే చెబుతుందా? చెప్పదని మనకు తెలుసు. దీన్ని శాస్త్రంగా మొదట గమనించినవాడు హార్వీ శాక్స్, షెగ్లాఫ్ సహచరుడు. 1964లో ఆయన ఉపన్యాసాలు మొదలైందే దీనితో. అత్యవసర మానసిక చికిత్సాలయానికి వచ్చిన కాల్స్‌ని ఆయన పరిశీలించాడు. అక్కడి సిబ్బంది “నేను స్మిత్‌ని, మీకు ఏం సాయం చేయగలను?” అని తమ పేరు చెప్పి మొదలుపెట్టేవారు. అలా పేరు చెబితే అవతలివాళ్ళు కూడా పేరు చెప్పడం ఆనవాయితీ. కానీ ఒక కాల్‌లో అవతలి మనిషి “నాకు వినిపించట్లేదు” అన్నాడు. సిబ్బంది మళ్ళీ “స్మిత్” అన్నారు. “స్మిత్” అని అతను తిరిగి పలికాడు. సంభాషణ ముందుకెళ్ళిపోయింది, అతను పేరు చెప్పాల్సిన చోటు దాటిపోయింది. ఎవరూ అబద్ధమాడలేదు, చెప్పనని కూడా అనలేదు. తన వంతు రావాల్సిన చోట వేరే పని పెట్టేశాడు, అంతే. అతనికి నిజంగా వినిపించలేదా అన్నది తేల్చలేం. శాక్స్ చూపించింది, ఆ మాట ఏం పని చేయగలదో.

ఇప్పటి నకిలీ ‘సిగ్నల్ లేదు’ కూడా అదే కుటుంబం. నా అనుభవంలో దాన్ని పట్టించేది సమయం. నిజంగా తెగుతున్న లైనులో మనిషి మన వాక్యం మధ్యలో అడ్డొస్తాడు, ఎందుకంటే మనం మాట్లాడుతున్నట్టు అతనికి తెలియదు. నటించే మనిషి మాత్రం మన వాక్యం చక్కగా పూర్తయ్యేదాకా ఆగి, అప్పుడు “హలో? హలో? వినిపించట్లేదు” అంటాడు. అది కూడా, ఎక్కువగా డబ్బు అడిగినప్పుడు.

తప్పించుకునే ఇంకో మాట ‘మళ్ళీ చేస్తా’. దీనికి అంత చెడ్డపేరు రావడం న్యాయం కాదు. చిక్కంతా అది ఏ మెట్టు మీద వస్తుందన్నదే. “చెప్పు” అనడం అంటే వినడానికి ఖాళీగా ఉన్నాననడం. అవతలి మనిషి విషయం విప్పాక “నేను మళ్ళీ చేస్తా” అంటే తలుపు తీసి మొహం మీద వేసినట్టు ఉంటుంది. అదే మాట ‘చెప్పు’ అనకముందు, రింగ్‌కి జవాబుగానే వస్తే ఎవరికీ బాధ ఉండదు: “హలో, మీటింగ్‌లో ఉన్నా, ఒంటిగంటకి నేనే చేస్తా.” ఈ వాక్యంలో మూడున్నాయి. ఎందుకు కుదరదో ఉంది, ఎప్పుడో ఉంది, ‘నేనే’ అనడంలో ఎవరు చేయాలో ఉంది. ఈ మూడూ లేని ‘సరే, మళ్ళీ మాట్లాడదాం’ మాట ఇవ్వడం కాదు, ముగింపు. రెంటినీ కలిపేసుకుని సాయంత్రందాకా ఎదురుచూసేవాళ్ళున్నారు. ‘రెండు నిమిషాల్లో చేస్తా’ మధ్యరకం. అందులో రెండుకు అంకెగా విలువ లేదని ఇద్దరికీ తెలుసు. ఇవాళే అన్న అర్థం మాత్రం ఉంటుంది, ఆ ఇవాళ దాటితే అడిగే హక్కు అవతలివాళ్ళకు వస్తుంది.

మన కాల్ మాత్రం ఎవరూ చెప్పకుండానే తెగిపోయింది. ఇప్పుడు ఎవరు చేయాలి? ఇద్దరూ ఒకేసారి చేస్తే ఇద్దరికీ ఎంగేజ్ వస్తుంది. మొదట చేసినవాళ్ళే మళ్ళీ చేయాలన్నది చాలామంది పాటించే పద్ధతి. రెండోవాళ్ళు ఒక నిమిషం ఆగితే చాలు. మేనల్లుడు చేశాడు.

— ఆఁ, కట్ అయిందిరా.
— లిఫ్ట్‌లో ఉన్నా అత్తయ్యా. బయటికొచ్చేశా.
— పదింటికి వస్తానన్నావు కదా?
— పది కాదు, పదకొండింటికి.
— పదకొండా, సరే.
— సరే అయితే అత్తయ్యా.
— సరేరా. ఇంకేంటి?
— ఇంకేం లేదు. రేపు కలుస్తాంగా.
— సరే మరి, ఉంటా.
— ఉంటానత్తయ్యా.
— ఆఁ, ఆఁ.

రెండో కాల్‌లో హలో లేదు, ఎవరండీ లేదు, బాగున్నారా లేదు. ఫోన్ లెక్కలో ఇది కొత్త కాల్. వాళ్ళ లెక్కలో పాతదే. ‘ఉంటా’ అని చెప్పుకోకుండానే తెగిపోయింది కాబట్టి అది ముగియలేదు, ఆగింది. ఎక్కడ ఆగిందో అక్కడే అందుకున్నారు. అలా అందుకునేటప్పుడు అత్తయ్య తను విన్నది తిరిగి చెప్పడం వల్లే తప్పు బయటపడింది. ఆమె “సరే, అర్థమైంది” అని ఉంటే రేపు పొద్దున గంటసేపు ఎదురుచూసేది.

చివరి ఆరు వాక్యాల్లో సమాచారం ఏమీ లేదు. అయినా వాటిలో ఒక్కటి తీసినా ఏదో తెగినట్టు ఉంటుంది. షెగ్లాఫ్, శాక్స్ కలిసి 1973లో ప్రత్యేకంగా ఈ ముగింపుల మీదే రాశారు. వాళ్ళ చిక్కుప్రశ్న చిత్రంగా ఉంటుంది: సంభాషణ అసలు ఎలా ఆగుతుంది? ఒకరి మాట అయ్యాక ఇంకొకరి వంతు వస్తుంది, వాళ్ళది అయ్యాక మళ్ళీ వీళ్ళది. ఈ యంత్రానికి సొంతంగా ఆగే మీట లేదు. మాట్లాడటం మానేస్తే ఆగుతుందా అంటే, ఫోన్‌లో నిశ్శబ్దం అంటే లైను పోయిందని అర్థం. వెంటనే “హలో?” అంటారు. కాబట్టి ఇద్దరూ కలిసి, మాటలతోనే, ఇక మాటలు లేవని ఒప్పుకోవాలి.

ఆ ఒప్పందమే “సరే అయితే”. దానిలో కొత్త విషయం లేదు. తన వంతు వచ్చింది, కానీ వాడుకోకుండా వదిలేస్తున్నానని చూపడమే దాని పని. అవతలివాళ్ళు కూడా “సరే” అని వదిలేస్తే తలుపు దగ్గరికి చేరినట్టు. తెలుగులో దీనికి ‘ఇంకేంటి’ తోడుంది. పైకి చూస్తే కొత్త విషయం అడుగుతున్నట్టే ఉంటుంది. కొత్తగా పరిచయమైనవాళ్ళు దానికి నిజంగానే జవాబు చెప్పడం మొదలుపెడతారు. కానీ కాల్ మొదట్లో వచ్చే ‘ఇంకేంటి’ వేరు, ‘సరే’ తర్వాత వచ్చేది వేరు. రెండోది, ఏమైనా మిగిలిపోయిందా అని ఆఖరిసారి సోదా చేయడం. దానికి సరైన జవాబు “ఇంకేం లేదు”. ఆ తర్వాత “రేపు కలుస్తాంగా” లాంటిది ఒకటి వస్తుంది. కాల్ ఆగినా సంబంధం ఆగట్లేదని చెప్పడం అది. “మళ్ళీ మాట్లాడదాం”కి అసలు చోటు ఇదే. ఇక్కడ దాన్ని ఎవరూ మాటగా పట్టుకోరు.

చివరికి ‘ఉంటా’. వెళ్ళిపోయేటప్పుడు ఉంటాననడం తెలుగులో ఒక చమత్కారం. ఇది కూడా జంటగా రావాలి. ఒకరే అని పెట్టేస్తే, ఫోన్ మొహాన కొట్టినట్టే. ఆ మీద వచ్చే “ఆఁ, ఆఁ” ఎర్ర బటన్ వెతుక్కునేటప్పుడు వచ్చే చప్పుడు. అయితే ఆ రెండు ఆఁల మధ్య సందులో ఇంకోటి దూరగలదు. వేలు బటన్ మీదికి వెళ్ళాక, అవతలినుంచి అత్తయ్య గొంతు: “ఆఁ, అన్నట్టు...”

అంత జాగ్రత్తగా సోదా చేసినా దొరకనిది ‘ఉంటా’ అన్నాకే గుర్తొస్తుంది. ‘అన్నట్టు’ అనే మాటకు ముగింపుని రద్దుచేసే అధికారం ఉంది, అప్పుడు ఫోన్ పెట్టేయడానికి ఎవరికీ చేతులు రావు. ఆ విషయం ఎంత చిన్నదైనా సరే, అది అయ్యాక నేరుగా పెట్టేయడం కుదరదు. మళ్ళీ “సరే అయితే అత్తయ్యా” దగ్గర్నుంచి మొదలుపెట్టాలి.